అద్దం లోపల చెమ్మ

బయటి ఉక్కపోతలోంచి ఏసీ గదిలోకి అడుగుపెట్టిన కాసేపటికి చేతి వాచీ అద్దం మసకబారుతుంది. వేలితో తుడిస్తే పోదు. చొక్కా కొసతో రుద్దినా పోదు. మసక లోపలి వైపు పట్టిందని అప్పుడు అర్థమవుతుంది. పావుగంటకో అరగంటకో అదంతట అదే తగ్గిపోతుంది. ముళ్లు మామూలుగానే తిరుగుతుంటాయి, టైమూ సరిగానే ఉంటుంది. ‘హమ్మయ్య, ఆరిపోయింది’ అనుకుని ఆ సంగతి అక్కడితో వదిలేస్తాం. కానీ ఆరింది అద్దం ఒక్కటే. ఆ నీరు వాచీ దాటి ఎక్కడికీ పోలేదు. అద్దం మీంచి లేచి లోపలి గాలిలో కలిసింది, అంతే. రాత్రి వాచీ తీసి బల్ల మీద పెట్టాక మళ్లీ ఎక్కడో ఒకచోట వాలుతుంది. ఈసారి వాలేది ఏ ఉక్కు చక్రం మీదో, రాగి తీగ మీదో అయితే మనకు పైకి కనిపించదు.

మసక ఎలా పడుతుంది?

గాలి ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువ ఆవిరిని మోయగలదు. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలిలో సుమారు 30 గ్రాముల నీటి ఆవిరి ఇముడుతుంది. అదే గాలి 20 డిగ్రీలకు చల్లబడితే 17 గ్రాములకు మించి పట్టదు. మిగిలిన ఆవిరి దగ్గర్లో ఏది చల్లగా ఉంటే దాని మీద నీరై కూర్చుంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాకు బయట చెమట పట్టేది ఇందుకే.

వాచీలో వెనక మూత మణికట్టును ఆనుకుని ఉంటుంది కాబట్టి ఒంటి వేడికి వెచ్చగా ఉంటుంది. అద్దం మాత్రం గది గాలికి ఎదురుగా ఉంటుంది. ఏసీలోకి వెళ్లగానే ముందు చల్లబడేది అదే. అందుకే లోపల ఎక్కడ చెమ్మ ఉన్నా మొదట అద్దం మీద బయటపడుతుంది.

ఇక్కడ చిన్న లెక్క వేసి చూస్తే ఒక ముఖ్యమైన విషయం తెలుస్తుంది. మామూలు చేతి వాచీ లోపల ఖాళీగా ఉండే చోటు ఒక మిల్లీలీటరు అనుకుందాం. వానాకాలం గాలే అందులో చిక్కుకుని ఉందనుకున్నా, అందులోని ఆవిరి బరువు ఒక మిల్లీగ్రాములో నలభయ్యో వంతు. ఏసీ గదిలో అందులో కొంత భాగమే నీరుగా మారుతుంది. అంత కొద్ది నీరు అద్దమంతా పరుచుకుంటే కనపడీ కనపడని పలచని పొర అవుతుందే తప్ప, అంకెలు కనపడనంత మసక రాదు. అదే ఒక చిన్న నీటి చుక్క సుమారు 50 మిల్లీగ్రాములు తూగుతుంది. అంటే ఆ గాలిలో ఉన్న ఆవిరికి దాదాపు రెండు వేల రెట్లు. చుక్కలో వందో వంతు లోపలికి చేరినా, గాలిలో ఉండాల్సినదానికి ఇరవై రెట్ల నీరు చేరినట్టే.

కాబట్టి అద్దం దట్టంగా మసకబారిందంటే లోపలి గాలి తేమగా ఉందని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. ఎక్కడో ఒక మూల అసలైన నీరే నిలిచి ఉంది.

ఎంత ప్రమాదమో పోల్చుకోవడం

వాన పడుతున్న రోజున ఏ కొట్లోనో వెనక మూత తీసి సెల్లు మార్చి మళ్లీ మూసేశారనుకోండి. ఆ పూట గాలిలోని తేమ లోపలే చిక్కుకుంటుంది. చల్లటి చోటికి వెళ్లినప్పుడు అద్దం మీద సన్నటి పొర కనిపించి ఒకటి రెండు నిమిషాల్లో పోతుంది. రోజులు గడిచినా ఇది పెరగదు. దీనికి హడావుడి అక్కర్లేదు కానీ, తీరిక చూసుకుని పొడి గాలిలో మూత తెరిపించి, వాషర్ చూపించుకోవడం మంచిది.

మసక వచ్చి అరగంట దాకా పోకపోతే, ప్రతిసారీ ఒకే అంచు దగ్గర మొదలవుతుంటే, వాన రోజుల్లోనో చేతులు కడుక్కున్నాకో ఎక్కువవుతుంటే లోపలికి దారి ఉన్నట్టే. ఇక అద్దం మీద బొట్లు బొట్లుగా కనిపించినా, వాచీ వంచితే బొట్టు జారినా ఆ రోజే తీసుకెళ్లాలి. నీరు సముద్రానిదైతే గంటలు కూడా లెక్కే. విశాఖ బీచ్‌లో అలల్లో ఆడి వచ్చిన వాచీకి, కుళాయి నీళ్లు తగిలిన వాచీకి చాలా తేడా ఉంది. ఉప్పు చేరిన నీరు ఉక్కును చాలా త్వరగా తినేస్తుంది. నీరు ఆవిరైనా ఉప్పు అక్కడే మిగిలి, మళ్లీ గాలిలోని తేమను లాక్కుంటుంది.

అనుమానంగా ఉంటే ఇంట్లో చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. నీటికి తట్టుకునే వాచీల కోసం ఉన్న ఐఎస్ఓ ప్రమాణంలోనే దీని అసలు రూపం ఉంది. వాచీని 40 నుంచి 45 డిగ్రీల వేడి ఉన్న పలక మీద ఉంచి, పూర్తిగా వేడెక్కాక అద్దం మీద గది వేడిమిలో ఉన్న నీటి చుక్క వేస్తారు. నిమిషం ఆగి గుడ్డతో తుడిచి చూస్తారు. చుక్క ఉన్నచోట అద్దం లోపలి వైపు మసక కనిపిస్తే ఆ వాచీ తప్పినట్టు. మనకు వేడి పలకతో పని లేదు. వాచీని అరగంట చేతికి పెట్టుకుని, ఒంటి వేడి పట్టాక అద్దం మధ్యలో ఒక చుక్క కుండ నీళ్లు వేసి నిమిషం ఉంచి తుడిస్తే చాలు. కింద గుండ్రటి మసక కనిపిస్తే లోపల చెమ్మ ఉన్నట్టు. ఐసు ముక్క మాత్రం పెట్టకండి. అద్దానికీ దాన్ని పట్టి ఉంచే రింగుకూ అంత హఠాత్తు చల్లదనం మంచిది కాదు. ఇంకో మాట, ఈ పరీక్షలో మసక రాకపోతే ప్రస్తుతం లోపల చెమ్మ లేదని మాత్రమే అర్థం. రేపు నీరు రాదని హామీ కాదు.

నీరు దూరే దారులు

వాచీలోకి నీరు రావడానికి మూడు దారులున్నాయి. వెనక మూత, కీ తిప్పే క్రౌన్, ముందు అద్దం. పక్కన బటన్లున్న వాచీ అయితే అవి నాలుగోది. ప్రతి దారికీ కాపలాగా సన్నటి రబ్బరో ప్లాస్టిక్కో రింగు ఉంటుంది. రిపేరు కొట్లలో దీన్నే వాషర్ అంటారు. రెండు లోహపు అంచుల మధ్య నలిగి సందును మూయడమే దాని పని. ఏళ్ల తరబడి అలా నలిగే ఉండటంతో అది క్రమంగా చదునైపోతుంది, గట్టిపడుతుంది, పెళుసెక్కుతుంది. సబ్బు, సెంటు, చెమట ఆ పనిని ఇంకా త్వరగా చేస్తాయి. మూత వెనక ‘వాటర్ రెసిస్టెంట్’ అన్న అక్షరాలు పదేళ్లయినా చెరగవు కానీ, ఆ మాట నిలబెట్టాల్సిన రబ్బరు ఎప్పుడో చచ్చి ఉంటుంది.

క్రౌన్ విషయం వేరు. టైము మార్చినప్పుడల్లా, తేదీ సరిచేసినప్పుడల్లా దాన్ని లాగుతాం, తిప్పుతాం, నొక్కుతాం. లోపలి రింగు ప్రతిసారీ కొంచెం అరుగుతుంది. తేదీ మార్చి క్రౌన్‌ను పూర్తిగా నొక్కడం మరిచిపోతే రింగు ఎంత కొత్తదైనా ఉపయోగం లేదు. మరలా తిప్పి బిగించే క్రౌన్ ఉన్న వాచీల్లో బిగించడం మరిచిపోవడమూ ఇలాంటిదే.

‘నేను వాచీని నీళ్లలో ముంచనే లేదు, మరి ఎలా వచ్చింది?’ అని చాలామంది అడుగుతారు. ముంచక్కర్లేదు. ఎండలో స్కూటర్ నడుపుతుంటే వాచీ 45 డిగ్రీల దాకా వేడెక్కిందనుకుందాం. ఆఫీసు చేరగానే చల్లటి కుళాయి కింద చేతులు కడిగితే అది 25 డిగ్రీలకు దిగింది. లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతే దాని ఒత్తిడి సుమారు 6 శాతం పడిపోతుంది. అరవై సెంటీమీటర్ల లోతు నీటిలో వాచీని పెడితే బయటి నుంచి ఎంత ఒత్తిడి పడుతుందో ఇదీ దాదాపు అంతే. రింగులు గట్టిగా ఉంటే ఏమీ కాదు. ఎక్కడైనా వెంట్రుకవాసి సందు ఉంటే, అప్పుడే దాని మీద నిలిచి ఉన్న నీటిని వాచీ తనే లోపలికి పీల్చుకుంటుంది. వేడి నీళ్ల స్నానం చేసి వెంటనే చల్లటి గదిలోకి వచ్చినా ఇదే జరుగుతుంది. పైగా వేడి ఆవిరి, నీరు దూరలేని సందుల్లోంచి కూడా దూరుతుంది.

సెల్లు మార్చాక జరిగే కథ

విజయవాడలో స్కూటర్ మీద ఆఫీసుకు వెళ్లే ఒకాయన చేతికి, తేదీ వారం చూపే స్టీలు క్వార్ట్జ్ వాచీ ఉందనుకుందాం. వెనక 5 బార్ అని ఉంది. అంటే కొత్తగా ఉన్నప్పుడు వానకూ స్నానానికీ భయపడక్కర్లేని వాచీ. నొక్కితే పట్టే రకం మూత. జూన్‌లో సెల్లు అయిపోతే దారిలో కనిపించిన కౌంటర్ దగ్గర కొత్త సెల్లు వేయించాడు. ఐదు నిమిషాల పని. మూత కింద కత్తి మొన పెట్టి లేపారు, సెల్లు మార్చారు, మూత నొక్కేశారు. పాత వాషర్‌నే వాడారు. దానికి గ్రీజు రాయలేదు. మూత నొక్కేటప్పుడు ఆ వాషర్ ఒక పక్క తన గాడిలోంచి కొంచెం పైకి లేచి, మూత అంచు కింద నలిగింది.

జూలైలో వానలు పట్టాక ఒకరోజు ఆఫీసు ఏసీలో అద్దం కింది అంచున మసక కనిపించింది. మధ్యాహ్నానికి పోయింది. ఆగస్టులో మరో రెండుసార్లు వచ్చి పోయింది. సెప్టెంబర్‌లో వాచీ ఆగింది. రెండేళ్లు రావాల్సిన సెల్లు మూడు నెలలకే అయిపోయిందేమిటని కౌంటర్ వాడిని తిట్టుకుంటూ ఇంకో సెల్లు వేయించాడు. అదీ నెల తిరగకుండానే అయిపోయింది. అప్పుడు వాచీ అసలు మెకానిక్ చేతికొచ్చింది.

‘‘నీళ్లలో పడిందా సార్?’’

‘‘లేదండీ, చేతులు కడుక్కోవడమే. మొన్నామధ్య కొంచెం మసకొచ్చింది గానీ అదే పోయింది.’’

మూత తీసి కంటి అద్దంలోంచి చూస్తే కథంతా అక్కడే ఉంది. వాషర్ అంతా చదునైన నల్లటి పట్టీలా ఉంది, ఒకచోట మాత్రం కోసినట్టు చీలి ఉంది. సరిగ్గా ఆ చీలిక ఎదురుగా మూత లోపలి అంచున ఎర్రటి తుప్పు గీత. సెల్లును తాకే రేకు మీద ఆకుపచ్చటి చిలుము. క్రౌన్ నుంచి లోపలికి వెళ్లే ఉక్కు పుల్ల గోధుమ రంగుకు తిరిగింది. తేదీ పలక మీద 14 అంకె సిరా అలుక్కుపోయింది.

సెల్లులు త్వరగా అయిపోయింది వాటి లోపం వల్ల కాదు. సెల్లు దగ్గర ఎప్పుడూ ఒకటిన్నర వోల్టుల విద్యుత్తు ఉంటుంది. చెమ్మ పట్టిన సర్క్యూట్ మీద ఆ విద్యుత్తు దారితప్పి పారుతూనే ఉంటుంది, ఆ పారడమే లోహాన్ని చిలుముగా మారుస్తుంది. అందుకే చెమ్మ చేరిన క్వార్ట్జ్ వాచీలో మెకానిక్ మొదట చేసే పని సెల్లు తీసేయడం. లోపల మోటారుకు చుట్టిన రాగి తీగ వెంట్రుక కన్నా సన్నగా ఉంటుంది. చిలుము దాన్ని ఒక్కచోట తెంపితే చాలు, వాచీ నిలిచిపోతుంది. జూలైలో మొదటిసారి మసక కనిపించిన నాడే తెచ్చి ఉంటే, ఆరబెట్టి, తుడిచి, కొత్త వాషర్ వేస్తే సరిపోయేది. ఇప్పుడు మెషీన్ మొత్తం మార్చాలి.

కీ ఇచ్చే వాచీ అయితే

జపాన్‌కు చెందిన సిటిజన్ సహకారంతో 1961లో బెంగళూరులో మొదలైన హెచ్ఎంటీ ఫ్యాక్టరీ వాచీలు మన ఇళ్లలో ఇప్పటికీ చాలా ఉన్నాయి. నాన్నగారిదనో తాతగారిదనో దాచుకుని, పండగకో పెళ్లికో పెట్టుకుంటాం. జనతా లాంటి ఆ కీ వాచీలకు ప్లాస్టిక్ అద్దమే ఉంటుంది. దాన్ని కేసులోకి బిగువుగా నొక్కి కూర్చోబెడతారు, ఆ బిగువే దానికి ఆధారం. ఏళ్లు గడిచి ప్లాస్టిక్ కుంచించుకున్నా, అంచున సన్నటి పగులు వచ్చినా ఆ బిగువు పోతుంది. ఇలాంటి వాచీని నీటికి తట్టుకునేదని అసలు అనుకోకూడదు.

ఇందులో సెల్లు లేదు కాబట్టి చెమ్మ పట్టగానే ఆగిపోదు. దీనితో వచ్చే చిక్కు అదే. తిరుగుతూనే లోపల పాడవుతుంది. తుప్పు మొదట క్రౌన్‌ను ఆనుకుని ఉండే పుల్ల, దాన్ని పట్టి ఉంచే చిన్న మీటలు, స్ప్రింగుల దగ్గర మొదలవుతుంది. అవన్నీ ఉక్కువే, నీరు దూరే దారిలోనే ఉంటాయి. కీ ఇస్తుంటే గరగరమన్నా, క్రౌన్ లాగితే గట్టిగా వచ్చినా అక్కడ తుప్పు చేరిందనుకోవాలి. ఆ తుప్పు పొడి రాలి నూనెలో కలిస్తే, నూనె అరగదీసే ముద్దగా మారుతుంది. అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం ఇరుసు కొనలు మిల్లీమీటరులో పదో వంతు మందం ఉంటాయి. వాటి మీద కంటికి కనపడని తుప్పు మచ్చ పడ్డా వాచీ టైము తప్పుతుంది. ఆ చక్రాన్ని ఊపే సన్నటి హెయిర్ స్ప్రింగు చుట్లు చెమ్మకు ఒకదానికొకటి అంటుకుంటే మాత్రం, నెమ్మదించడానికి బదులు వాచీ గంటకు నిమిషాల చొప్పున ముందుకు పరుగెడుతుంది. పాత వాచీ ఉన్నట్టుండి ముందుకు పోతోందంటే ఇది కూడా ఒక కారణం కావచ్చు.

డయల్ నష్టం ఇంకో రకం. మెషీన్ భాగాలు వెతికితే దొరుకుతాయి, ముఖం మీద లేచిన రంగుకు మందు లేదు. కొత్త రంగు వేయిస్తే అది నాన్నగారు చూసిన డయల్ కాదు.

ఇంటి వైద్యాలు ఎందుకు పనికిరావు

చెమ్మ కనిపించగానే బియ్యం డబ్బాలో పెట్టేవాళ్లున్నారు. వాచీ మూసి ఉన్నంతవరకు బియ్యం లాగేది బయటి తేమనే. నీరు దూరిన సందు ఎంత సన్నమో, బయటికి రావడానికీ అంతే సన్నం. లోపలి నీరు ఆ దారిన వచ్చేలోపు తుప్పు తన పని కానిచ్చేస్తుంది. ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి గాలి కొట్టడం ఇంకా చేటు. వేడికి ఒక మూలన ఉన్న నీరు ఆవిరై కేసంతా పరుచుకుంటుంది, చల్లబడ్డాక ఇంతకుముందు తడి తగలని చోట్ల కూడా వాలుతుంది. అద్దం మాత్రం తళతళలాడుతుంది, మనం నమ్మేస్తాం.

చేయాల్సింది చాలా తక్కువ. బయట పొడిగా తుడవాలి. క్రౌన్ పూర్తిగా నొక్కి లేకపోతే, తుడిచాక నొక్కాలి. ఆ తర్వాత కీ ఇవ్వడం, టైము మార్చడం, బటన్లు నొక్కడం మానేయాలి, ఎందుకంటే ప్రతి కదలికా తడిని ఇంకా లోపలికి తోస్తుంది. అదే రోజు మెకానిక్‌కు ఇచ్చి, అది వాన నీరా, సబ్బు నీరా, సముద్రపు నీరా చెప్పాలి. ఆయన చేసే పని దాన్నిబట్టి మారుతుంది.

రిపేరు బల్ల మీద

మూత తీసి, గాలి ఊది, మళ్లీ మూసి ఇచ్చేది సర్వీసింగ్ కాదు. మంచి మెకానిక్ సెల్లు తీసి, మెషీన్‌ను కేసులోంచి బయటికి తీస్తాడు. ముళ్లు, డయల్ విప్పుతాడు, ఎందుకంటే డయల్ కింద నిలిచిన తడి పైకి కనపడదు. కీ వాచీ అయితే భాగాలన్నీ విప్పి, ద్రావణంలో కడిగి, ఆరబెట్టి, ఎక్కడెక్కడ ఎంత అవసరమో అంత కొత్త నూనె పెట్టి బిగిస్తాడు. కేసును విడిగా కడిగి, వాషర్లన్నీ మారుస్తాడు. క్రౌన్ లోపలి రింగు అరిగితే చాలా వాచీలకు క్రౌనే మార్చాల్సి వస్తుంది.

చివరిది ఒత్తిడి పరీక్ష. ఒక పద్ధతిలో వాచీని నీళ్లున్న గాజు గొట్టంలో, నీటికి పైన వేలాడదీసి గాలి ఒత్తిడి పెంచుతారు. సందు ఉంటే ఆ గాలి లోపలికి చేరుతుంది. అప్పుడు వాచీని నీటిలోకి దించి ఒత్తిడి మెల్లగా తగ్గిస్తారు. లోపల చిక్కిన గాలి, దూరిన దారినే బుడగలుగా బయటికి వస్తుంది. బుడగ క్రౌన్ దగ్గర లేస్తే లోపం అక్కడ, మూత అంచున లేస్తే ఇక్కడ. నీటితో పని లేకుండా, ఒత్తిడికి కేసు ఎంత వంగుతుందో కొలిచి చెప్పే యంత్రాలూ ఉన్నాయి. చెమ్మ పట్టి వచ్చిన వాచీకి మొదట అలాంటి పొడి పరీక్షే మేలు.

వాచీ తీసుకునేటప్పుడు రెండు మాటలు అడగండి: ‘‘ఏ వాషర్లు మార్చారు? ప్రెషర్ టెస్ట్ చేశారా?’’ మొదటిదానికి పాత రింగు తీసి చూపించగలిగితే పని జరిగినట్టే. రెండోదానికి ‘మన దగ్గర మిషన్ లేదండీ’ అంటే అదీ నిజాయితీగల జవాబే. అప్పుడు ఆ వాచీని నీటికి దూరంగా వాడుకోవచ్చు, లేదా ఆ సౌకర్యమున్న సర్వీస్ సెంటర్‌కు పంపవచ్చు. చవక క్వార్ట్జ్ వాచీకి ఇంత ఖర్చు దండగ అనిపిస్తే మెషీన్ ఒక్కటే మార్చుకోవచ్చు, కానీ కొత్త వాషర్ లేకుండా కొత్త మెషీన్ వేస్తే దానికీ అదే గతి. ఇక మీదట సెల్లు మార్పించే ప్రతిసారీ వాషర్ కూడా మార్చమనండి. ఆ ఐదు నిమిషాల పనిలో అందరూ వదిలేసేది అదే, వాచీలోకి నీటిని పిలిచేదీ అదే.